ఆయిల్ డబ్బా, అయిదు రూపాయల వాషర్: స్టాకు లెక్కల్లో ఏబీసీ, రీఆర్డర్ లెవెల్, సేఫ్టీ స్టాక్

మోటార్‌సైకిల్‌కి ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు మెకానిక్ రెండు వస్తువులు వాడతాడు. ఒకటి లీటరు ఆయిల్ డబ్బా. రెండోది ఇంజిన్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్టుకి వేసే చిన్న వాషర్. ఏడాదికి 3,600 బళ్లకి ఆయిల్ మార్చే ఒక సర్వీస్ షెడ్డు ఉందనుకుందాం. అక్కడ డబ్బాలూ 3,600, వాషర్లూ 3,600 ఖర్చవుతాయి. డబ్బా ధర 350 రూపాయలు, వాషర్ ధర 5 రూపాయలు అనుకుంటే, ఏడాదికి ఆయిల్ మీద పోయేది 12,60,000 రూపాయలు, వాషర్ల మీద పోయేది 18,000 రూపాయలు. ఈ రెండింటినీ రోజూ ఒకే శ్రద్ధతో లెక్కపెట్టి రిజిస్టర్లో రాసే మనిషి శ్రమలో సగం వృథాయే.

ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్ పేపర్లో వచ్చే ఏబీసీ అనాలిసిస్, రీఆర్డర్ లెవెల్, సేఫ్టీ స్టాక్ అనే మూడు అంశాలనూ ఈ షెడ్డులోనే నేర్చుకోవచ్చు. విద్యార్థులు వీటిని మూడు వేర్వేరు పాఠాలుగా బట్టీపడతారు. నిజానికి ఇవి ఒకదాని వెంట ఒకటి వచ్చే ప్రశ్నలు. ముందు ఏ సరుకుని కనిపెట్టుకుని ఉండాలి? దాన్ని ఎప్పుడు తెప్పించాలి? అనుకున్నట్టు జరగకపోతే ఎంత మిగులు చేతిలో ఉండాలి?

మొదటి ప్రశ్నతో మొదలుపెడదాం. షెడ్డులో పది రకాల సరుకు ఉంది. ధరలు లెక్క సులువుగా ఉండేందుకు వేసుకున్నవి.

| సరుకు | ఏడాది వాడకం | ఒక్కోటి ధర (రూ.) | ఏడాది విలువ (రూ.) | మొత్తంలో శాతం |
|---|---|---|---|---|
| ఇంజిన్ ఆయిల్ | 3,600 | 350 | 12,60,000 | 52.5 |
| టైర్లు | 360 | 1,500 | 5,40,000 | 22.5 |
| బ్యాటరీలు | 150 | 1,200 | 1,80,000 | 7.5 |
| చైన్ కిట్లు | 150 | 800 | 1,20,000 | 5 |
| బ్రేక్ షూలు | 600 | 150 | 90,000 | 3.75 |
| క్లచ్ కేబుళ్లు | 500 | 120 | 60,000 | 2.5 |
| ఎయిర్ ఫిల్టర్లు | 400 | 150 | 60,000 | 2.5 |
| స్పార్క్ ప్లగ్గులు | 450 | 100 | 45,000 | 1.875 |
| బల్బులు | 900 | 30 | 27,000 | 1.125 |
| డ్రెయిన్ వాషర్లు | 3,600 | 5 | 18,000 | 0.75 |

మొత్తం విలువ 24,00,000 రూపాయలు. పరీక్షలో పట్టిక ఇలా సర్ది ఇవ్వరు. వాడకం, ధర మాత్రం ఇచ్చి వదిలేస్తారు. రెండింటినీ గుణించి, వచ్చిన విలువ ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చుకోవడం మన పని. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఒక్కోదాని ధర చూసి టైరుని పైన పెడతారు, లేదా సంఖ్య చూసి వాషర్‌ని పైకి తెస్తారు. రెండూ తప్పే. ఏడాదికి ఆ సరుకు మీద ఎంత డబ్బు పోతోందన్నదే కొలత.

ఇప్పుడు శాతాలను పైనుంచి కూడుతూ రండి. ఆయిల్‌తో 52.5, టైర్లు కలిపితే 75. అంటే పదింటిలో రెండే రకాలు మూడొంతుల డబ్బుని లాగేస్తున్నాయి. ఇవి ఏ తరగతి. తర్వాతి మూడూ కలిసి 16.25 శాతం. ఇవి బీ తరగతి. మిగిలిన అయిదు రకాలూ కలిసినా 8.75 శాతమే. ఇవి సీ తరగతి. గీత 75 దగ్గరే గీయాలని శాసనమేమీ లేదు. సాధారణంగా 70 నుంచి 80 శాతం మధ్య ఏ తరగతి ముగుస్తుంది. మన పట్టికలో టైర్ల 22.5 నుంచి బ్యాటరీల 7.5కి ఒక్కసారిగా దిగిపోయింది కాబట్టి అక్కడ గీత గీయడం సబబు. ప్రశ్నలోనే హద్దులు ఇచ్చి ఉంటే మాత్రం సొంత తీర్పు పక్కనపెట్టి వాటినే పాటించాలి.

సంపద కొద్దిమంది దగ్గరే పోగుపడుతుందని 19వ శతాబ్దం చివర్లో ఇటలీ ఆర్థికవేత్త విల్ఫ్రెడో పరేటో గమనించాడు. గోదాములోని సరుకూ అలాగే ఉంటుందని చూపించి, 1951లో దీనికి ఏబీసీ పేరుతో ప్రచారం తెచ్చినవాడు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన ఫోర్డ్ డికీ.

ఏ తరగతిలో తేలిన ఆయిల్‌కి ఇప్పుడు రెండో ప్రశ్న వేద్దాం: ఎప్పుడు ఆర్డర్ పెట్టాలి? షెడ్డు ఏడాదికి 300 రోజులు పనిచేస్తే రోజుకి సగటున 12 లీటర్లు పోతాయి. మందకొడి రోజున 6, రద్దీ రోజున 18. డీలర్‌కి ఫోన్ చేశాక సరుకు రావడానికి 4 నుంచి 8 పనిరోజులు పడుతుంది, సగటు 6. దీన్నే లీడ్ టైమ్ అంటారు.

సగటు చూసుకుని 12ని 6తో గుణించి, 72 లీటర్లు మిగిలినప్పుడు ఆర్డర్ పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. సగటు అంటేనే వాడకం కొన్నిసార్లు దానికి పైన, కొన్నిసార్లు కింద ఉంటుందని అర్థం. ఆ లెక్కన దాదాపు ప్రతి రెండు ఆర్డర్లలో ఒకసారి డీలర్ బండి వచ్చేలోపే అర ఖాళీ అవుతుంది. అందుకే కాస్టింగ్ పాఠ్యపుస్తకాలు గట్టి సూత్రం ఇస్తాయి:

రీఆర్డర్ లెవెల్ = గరిష్ఠ వాడకం × గరిష్ఠ లీడ్ టైమ్ = 18 × 8 = 144 లీటర్లు

స్టాకు 144కి దిగగానే ఆర్డర్ పెట్టాలి. ఆ ఎనిమిది రోజులూ రోజుకి 18 లీటర్లు పోయినా, చివరి లీటరు అయిపోయే రోజుకి కొత్త సరుకు దిగుతుంది. అంతా మామూలుగా జరిగితే ఆరు రోజుల్లో 72 లీటర్లే పోతాయి, ఇంకా 72 మిగిలి ఉంటాయి.

ఆ మిగిలిన 72 లీటర్లే సేఫ్టీ స్టాక్. రీఆర్డర్ లెవెల్‌లోంచి సగటు వాడకం, సగటు లీడ్ టైమ్‌ల లబ్ధాన్ని తీసేస్తే వస్తుంది: 144 − (12 × 6) = 72. కాస్టింగ్ పుస్తకాల్లో ఇదే లెక్క కనిష్ఠ స్టాక్ మట్టం అన్న పేరుతో ఉంటుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే మూడింటిలోకీ లోతైనది ఇదే. సేఫ్టీ స్టాక్ పెరిగేది వాడకం ఎక్కువైనందుకు కాదు, వాడకమూ రాకా ఎప్పుడెంతో తెలియనందుకు. ఇంకో డీలర్ వచ్చి, అదే ధరకి, సరిగ్గా ఆరో రోజున సరుకు దించుతానని మాటిచ్చి నిలబెట్టుకున్నాడనుకోండి. సగటు లీడ్ టైమ్ పాతదే, 6 రోజులు. కానీ రీఆర్డర్ లెవెల్ 18 × 6 = 108కి, సేఫ్టీ స్టాక్ 108 − 72 = 36కి దిగుతాయి. అంటే పాత డీలర్ ఒకసారి నాలుగో రోజున, ఒకసారి ఎనిమిదో రోజున పంపడం వల్ల షెడ్డు 36 లీటర్లు, 12,600 రూపాయల సరుకు, అదనంగా అరలో పెట్టుకుని కూర్చుంది. ధర ఒకటే అయినా రెండో డీలరే చవక. కొనుగోలు విభాగాలు సరఫరాదారు సమయపాలనకి అంత విలువ ఇచ్చేది ఇందుకే.

ఎంబీఏ, ఆపరేషన్స్ పేపర్లలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ గరిష్ఠం, కనిష్ఠం ఇవ్వకుండా రోజువారీ వాడకపు ప్రామాణిక విచలనం ఇస్తారు. ఆరు రోజులూ వరసగా 18 లీటర్లు పోవడం చాలా అరుదు. ఒక రోజు ఎక్కువైతే ఇంకో రోజు తక్కువై కొంత సర్దుకుంటుంది. ఆ సర్దుబాటును సూత్రంలోకి తేవడానికే వర్గమూలం వస్తుంది:

సేఫ్టీ స్టాక్ = జెడ్ విలువ × రోజువారీ విచలనం × √లీడ్ టైమ్

విచలనం 3 లీటర్లు, లీడ్ టైమ్ స్థిరంగా 6 రోజులు అనుకుందాం. √6 సుమారు 2.45. నూటికి 95 ఆర్డర్లలో సరుకు అయిపోకూడదంటే జెడ్ విలువ 1.65. గుణిస్తే 12.1 వస్తుంది, పైకి సవరించి 13 లీటర్లు. 99 శాతం భరోసా కావాలంటే జెడ్ 2.33, లెక్క 17.1, అంటే 18 లీటర్లు. చివరి నాలుగు శాతం భరోసాకి ఇంకో 5 లీటర్లు కట్టాలన్నమాట. వర్గమూలం మరిచిపోయి నేరుగా 6తో గుణిస్తే 95 శాతానికే 30 లీటర్లు వస్తుంది. ఈ ఒక్క పొరపాటుకి మార్కులన్నీ పోతాయి. లీడ్ టైమ్ కూడా మారుతూ ఉంటే ఈ సూత్రం చాలదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక వాషర్ల సంగతి. అవి సీ తరగతి, విలువలో అన్నిటికన్నా కింద. కానీ వాషర్ లేకపోతే ఆయిల్ మార్పు ఆగిపోతుంది. ఏబీసీ చెప్పేది డబ్బు గురించే, అవసరం గురించి కాదు. అందుకే ఆస్పత్రుల మందుల స్టోర్లలో దీంతోపాటు ప్రాణావసరం, అవసరం, ఉంటే మంచిది అని విడదీసే వీఈడీ విశ్లేషణ కూడా చేస్తారు. సీ తరగతి అంటే నిర్లక్ష్యం చేయమని కాదు, లెక్క తగ్గించి నిల్వ పెంచమని. 300 ఆయిల్ డబ్బాలు అదనంగా పెడితే 1,05,000 రూపాయలు ఇరుక్కుంటాయి. 300 వాషర్లకి 1,500 చాలు. కాబట్టి వాషర్లని రెండు డబ్బాల్లో పోసి, మొదటిది ఖాళీ కాగానే ఆర్డర్ పెడితే రిజిస్టరే అక్కర్లేదు.

ఈ మట్టాలు ఒకసారి వేసి గోడకి అంటించేవి కావు. కొత్త సరుకు దిగిన ప్రతిసారీ, అప్పటికి అరలో ఎంత మిగిలిందో రాసి ఉంచితే తప్పు దానంతటదే బయటపడుతుంది. ఏడాది పొడుగునా ఆ అంకె 40 కంటే కిందికి ఎన్నడూ రాకపోతే, ఆ 40 లీటర్లూ ఒక్కరోజు కూడా పనికిరాలేదని అర్థం. తరచూ సున్నాకి తగులుతుంటే, మనం వేసుకున్న గరిష్ఠం అసలు గరిష్ఠమే కాదు.

పరీక్ష హాల్లో అన్నిటికన్నా ముందు కొలమానాలు చూడండి. వాడకం వారానికి 72 అని, లీడ్ టైమ్ రోజుల్లో ఇచ్చి గుణించమంటే, రెండింటినీ ముందు రోజుల్లోకి మార్చాలి. వారానికి ఎన్ని పనిరోజులో కూడా ప్రశ్నలో వెతకాలి. కనిష్ఠ, గరిష్ఠ అంకెలు ఇస్తే మొదటి పద్ధతి, ప్రామాణిక విచలనం ఇస్తే వర్గమూలం ఉన్న పద్ధతి. ఒకే సరుకుకి ఒకటి 36, ఇంకోటి 13 చెప్పగలవు, కాబట్టి ఏ సూత్రం ఎందుకు తీసుకున్నారో జవాబు మొదట్లో ఒక్క వాక్యం రాసి, ఆ తర్వాతే అంకెలు వేయండి.