చీటీలోని నోట్సు కేర్ ప్లాన్‌గా మారే తీరు

డ్యూటీలో ఉన్న నర్సు రోగి మంచం పక్కన నిలబడి రాసుకునే నోట్సుకు ఒక వరుస ఉండదు. కంటికి కనిపించినది, రోగి నోట విన్నది, థర్మామీటరు చూపించినది అన్నీ ఒకే కాగితం మీదికి వస్తాయి. వాటిని సమస్య, లక్ష్యం, చేయాల్సిన పనులు, మూల్యాంకనం అనే నాలుగు గడుల్లోకి సర్దితే కేర్ ప్లాన్ అవుతుంది. నర్సింగ్ విద్యార్థులందరూ దీన్ని నేర్చుకుంటారు. గడులు నింపడం తొందరగానే వస్తుంది. మొదటి గడిలో రాసే ఒక్క వాక్యం సరిగ్గా కుదరడానికే ఎక్కువ సమయం పడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రోగికి 58 ఏళ్లు, బరువు 60 కిలోలు. చిన్నపేగు మొదట్లో ఉన్న పుండుకు చిల్లు పడితే పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. మర్నాడు ఉదయం 10 గంటలకు నర్సు చీటీలో ఇలా ఉంది: “జ్వరం 100.2. నాడి 104. శ్వాస 26, పైపైనే తీస్తున్నాడు. ఆక్సిజన్ 93. దగ్గితే నొప్పి 10కి 7. ‘దగ్గితే కుట్లు ఊడిపోతాయేమో సిస్టర్’ అంటున్నాడు. ఛాతీ అడుగున రెండు పక్కలా గరగర. 6 గంటలకు పారాసెటమాల్ ఇచ్చారు. 6 నుంచి 10 వరకు మూత్రం 160 మి.లీ. కట్టు పొడిగా ఉంది. ఇంకా మంచం దిగలేదు. భార్యకు రాత్రంతా నిద్ర లేదు.”

ముందు చేయాల్సింది రోగి చెప్పినదాన్ని, కొలిచి చూసినదాన్ని విడదీయడం. నొప్పి ఎంతుందో, కుట్ల గురించి భయం ఎంతుందో రోగి ఒక్కడే చెప్పగలడు. శ్వాస వేగం, గరగర, జ్వరం నర్సు స్వయంగా చూసినవి. రోగి మాటలను అతను అన్నట్టే కొటేషన్లలో రాయాలి. “రోగి ఆందోళనగా ఉన్నాడు” అని మార్చి రాస్తే ఆ భయం దేని గురించో కాగితం మీద నుంచి చెరిగిపోతుంది. ఈ కేసులో దారి చూపించేది ఆ భయమే.

తర్వాత ఒకదానికొకటి సంబంధం ఉన్నవాటిని దగ్గరికి చేర్చాలి. చీటీలో ఉన్న ప్రతి మాటా సమస్య కాదు. మూత్రం గంటకు 40 మి.లీ. వస్తోంది. కిలో బరువుకు గంటకు అర మి.లీ. ఉండాలన్న లెక్కన ఈ రోగికి 30 చాలు. కట్టు పొడిగానే ఉంది. కాబట్టి ఈ రెండింటినీ గమనిస్తూ ఉండాలే తప్ప సమస్యల గడిలోకి తేనక్కర్లేదు. మిగిలినవి పక్కపక్కన పెడితే ఒక కథ కనిపిస్తుంది. నొప్పి వల్ల, కుట్లు ఊడతాయన్న భయం వల్ల రోగి గట్టిగా ఊపిరి తీయడం లేదు, దగ్గడం లేదు. దగ్గకపోతే కఫం లోపలే నిలుస్తుంది, ఊపిరితిత్తుల అడుగు భాగాలు సరిగ్గా విచ్చుకోవు. గరగర అక్కడి నుంచే వస్తోంది. శ్వాస వేగం పెరగడానికి, ఆక్సిజన్ తగ్గడానికి కూడా అదే కారణం కావచ్చు.

ఇప్పుడు సమస్య వాక్యం రాయాలి. ఇందులో మూడు భాగాలుంటాయి: సమస్య, దాని కారణం, దాన్ని చూపించే గుర్తులు. “పేగుకు చిల్లు” అని రాస్తే అది డాక్టరు చెప్పే రోగనిర్ధారణ అవుతుంది. ఆ చిల్లును నర్సు పూడ్చలేదు. నర్సులు తమ చేతుల మీదుగా చక్కదిద్దగల సమస్యలకు ఉమ్మడి పేర్లు కూర్చే పని అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1973లో జరిగిన సమావేశంతో మొదలైంది. ఇప్పుడు నాండా జాబితాగా పిలిచేది దాని నుంచే వచ్చింది. ఈ రోగికి సరిపోయే వాక్యం ఇలా ఉంటుంది: “దగ్గితే కలిగే నొప్పి, కుట్లు ఊడతాయన్న భయం వల్ల కఫం బయటికి రావడం లేదు. గుర్తులు: ఛాతీ అడుగున గరగర, శ్వాస 26, ఆక్సిజన్ 93, దగ్గడానికి నిరాకరణ.”

ఇందులో కారణం భాగమే కీలకం. చాలా కేర్ ప్లాన్లలో అక్కడ “ఆపరేషన్ వల్ల” అని రాసి ఊరుకుంటారు. అయిపోయిన ఆపరేషన్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేరు కాబట్టి, దాని కింద చేయాల్సిన పనులేవీ తట్టవు. చివరికి ఆ గడిలో “వైటల్స్ చూడాలి, ధైర్యం చెప్పాలి” అన్న మాటలే మిగులుతాయి. నొప్పి, భయం అని రాసినప్పుడు మాత్రం ఏం చేయాలో ఆ వాక్యమే చెబుతుంది.

లక్ష్యం రోగిలో కనిపించాల్సిన మార్పు. దానికి కొలత, గడువు రెండూ ఉండాలి. “నొప్పి తగ్గించడం” నర్సు చేసే పని, రోగి లక్ష్యం కాదు. సాయంత్రం 4 గంటలకల్లా రోగి పొట్టను దిండుతో అదిమి పట్టుకుని తనంతట తాను దగ్గాలి, దగ్గినప్పుడు నొప్పి 10కి 3 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. మర్నాడు ఉదయానికి శ్వాస 20కి మించకూడదు, ఆక్సిజన్ 95 లేదా ఆపైన ఉండాలి. ఇలా రాస్తే డ్యూటీ మారి వచ్చిన నర్సు కూడా లక్ష్యం అందిందో లేదో ఎవరినీ అడగకుండా తేల్చగలదు.

పనుల గడిలో ఏది, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది స్పష్టంగా ఉండాలి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి పడుకోబెట్టాలి. డాక్టరు రాసిన నొప్పి మందు ఇచ్చిన అరగంట తర్వాతే దగ్గించాలి, లేకపోతే మందు ఒకవైపు, వ్యాయామం ఒకవైపు అయిపోతాయి. దిండును గాయం మీద అదిమి పట్టుకోవడం చూపించి, అలా పట్టుకుంటే కుట్ల మీద లాగుడు తగ్గుతుందని చెప్పాలి. అతని భయానికి జవాబు అదే. మూడు బంతుల స్పైరోమీటరుతో మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పదేసి ఊపిర్లు తీయించాలి. రాత్రంతా మేలుకున్న భార్యకు కాస్త విశ్రాంతి దొరికాక ఈ రెండూ నేర్పితే ఆమె గుర్తు చేస్తూ ఉంటుంది. డాక్టరు ఒప్పుకుంటే మధ్యాహ్నం మంచం అంచున కూర్చోబెట్టాలి.

6 గంటలకు ఇచ్చిన మందు 10 గంటలకే చాలడం లేదన్న సంగతి డాక్టరుకు చెప్పడం కూడా ఈ గడిలోనే రాయాలి. మోతాదు మార్చే అధికారం నర్సుకు లేదు. 100.2 జ్వరం, 104 నాడి కఫం వల్లే అని అనుకుని ఊరుకోకూడదు. లోపల కుట్టు దగ్గర లీకైనా, ఇన్‌ఫెక్షన్ మొదలైనా ఇవే గుర్తులు రావచ్చు. అందుకే ఈ అంకెలను వెంటనే డాక్టరుకు చెప్పి, చెప్పిన సమయం రాయాలి. పొట్ట గట్టిపడుతోందా, నాడి ఇంకా పెరుగుతోందా అని చూస్తుండాలి.

మూల్యాంకనం లక్ష్యంలో రాసిన అంకెలకే జవాబు చెప్పాలి. “రోగి పరిస్థితి మెరుగైంది” అన్న వాక్యంతో పక్క డ్యూటీ వాళ్లకు ఏమీ తెలియదు. సాయంత్రం 4 గంటలకు రోగి దిండు పట్టుకుని దగ్గాడనీ, చిక్కటి కఫం పడిందనీ, శ్వాస 22కి దిగిందనీ, ఆక్సిజన్ 94 ఉందనీ, దగ్గితే నొప్పి మాత్రం 5 దగ్గరే ఉందనీ అనుకుందాం. అప్పుడు 4 గంటల లక్ష్యం కొంతవరకే అందిందని రాయాలి. ఎందుకు అందలేదో కూడా తేల్చాలి. చెప్పిన పనులు జరగలేదా, కారణం తప్పుగా రాశారా, గడువు చాలలేదా? ఇక్కడ భయం పోయింది, నొప్పి నిలిచింది. కాబట్టి సమస్య వాక్యంలోంచి భయాన్ని తీసేసి నొప్పిని ఉంచాలి. నొప్పి మందు గురించి డాక్టరుతో మళ్లీ మాట్లాడాలి. కొత్త గడువు రాత్రి 10 గంటలని రాసి సంతకం పెట్టాలి.