డాబా మీద ఫంక్షనా? ఓనర్‌ని ఇలా అడగండి

ఉద్యోగం వచ్చింది. హైదరాబాద్‌లో ఓ పోర్షన్ అద్దెకు తీసుకున్నారు. అమ్మానాన్నలూ వచ్చి మీ దగ్గరే ఉంటున్నారు. ఏదో ఒకరోజు ఇంట్లో ఈ మాట వస్తుంది: ‘అక్క పాప అన్నప్రాసన మన డాబా మీదే చేసేద్దాంరా, కొద్దిమందే కదా!’

డాబా ఓనర్‌ది. కాబట్టి బంధువులకు కబురు వెళ్లకముందే ఆయన్ని అడగాలి. అందరినీ పిలిచేశాక వెళ్తే అది అనుమతి అడిగినట్టు ఉండదు, సమాచారం ఇచ్చినట్టు ఉంటుంది. చాలామంది ఓనర్లకు కోపం వచ్చేది అక్కడే. కనీసం పది రోజుల ముందు మాట్లాడండి. అపార్ట్‌మెంట్ అయితే టెర్రస్ అందరిదీ కాబట్టి ఫ్లాట్ ఓనర్ సరేనన్నా అసోసియేషన్ వాళ్లను విడిగా అడగాల్సిందే.

‘కొద్దిమందే అంకుల్’ అంటే ఓనర్‌కి ఏమీ అర్థం కాదు. పేర్లు రాసి లెక్కేయండి. మీ ఇంట్లో 5, బావ వైపు 9, మేనమామ వాళ్లు 4, పిన్ని వాళ్లు 4, ఆఫీసు స్నేహితులు 3... మొత్తం 25. పిల్లల్నీ కలిపే లెక్కపెట్టాలి. చివరి నిమిషంలో నలుగురైదుగురు పెరగడం మామూలే కాబట్టి ఓనర్‌కి 30 అని చెప్పండి. 30 అని చెప్పి 27 మంది వస్తే మీ మాట మీద నమ్మకం పెరుగుతుంది. 20 అని చెప్పి 27 మంది వస్తే ఇంకోసారి అడగలేరు. ఎన్ని కార్లు, ఎన్ని బైకులు వస్తాయో కూడా అప్పుడే లెక్క చూసుకోండి. గేటు ముందు కారు అడ్డంగా పెడితే మొదట గొడవపడేది పక్కింటివాళ్లే.

టైమ్ చెప్పేటప్పుడు ముహూర్తం ఒక్కటే చెబితే చాలదు. డాబా తిరిగి ఎప్పుడు అప్పజెబుతారన్నదే ఓనర్‌కి కావాలి. ముహూర్తం 10.30 అయితే భోజనాలు 12.30కి మొదలవుతాయి. అందరూ తిని వెళ్లేసరికి 2.30 అవుతుంది. కుర్చీలు, షామియానా తీసి కడగడానికి ఇంకో గంటన్నర వేసుకుంటే, 4 గంటలకు అప్పజెబుతామని చెప్పొచ్చు. ఇక పాటల సంగతి. ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే పగలైనా అధికారుల రాతపూర్వక అనుమతి కావాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు సాధారణంగా అసలు వాడకూడదు. ఓనర్ ఒప్పుకున్నా ఈ రూల్ మారదు. లౌడ్‌స్పీకర్ పెట్టం అని ముందే చెప్పేస్తే ఆయనకూ ఓ బెంగ తీరుతుంది.

ముందు నేరుగా కలిసి మాట్లాడండి. తర్వాత అదే విషయం వాట్సాప్‌లో పంపండి. ఇలా:

‘నమస్తే అంకుల్. ఇందాక చెప్పినట్టు, వచ్చే నెల రెండో ఆదివారం మా అక్క పాప అన్నప్రాసన డాబా మీద చేసుకోవాలనుకుంటున్నాం. పిల్లలతో కలిపి 30 మందికి మించరు. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2.30 వరకు. వంట బయట చేయించి తెప్పిస్తాం, డాబా మీద పొయ్యి పెట్టం. తాగడానికి నీళ్ల క్యాన్లు తెప్పిస్తాం. లౌడ్‌స్పీకర్ ఉండదు. గోడలకు మేకులు కొట్టం. 4 గంటలకల్లా డాబా, మెట్లు కడిగించి మీకు చూపిస్తాం. ఏమైనా పాడైతే బాగుచేయించే ఖర్చు మాదే. మీకు అభ్యంతరం లేకపోతే చెప్పండి అంకుల్. ఆంటీ, మీరు తప్పకుండా భోజనానికి రావాలి.’

దానికి ఆయన ‘చూద్దాంలే’ అంటే సరే అన్నట్టు కాదు. ‘బుధవారంలోగా చెబితే వేరే చోటు చూసుకుంటాం అంకుల్’ అని మెల్లగా అడగండి. మొహమాటంతో ఒప్పుకొన్నట్టు కనిపిస్తే ఏ విషయంలో ఇబ్బందో అడిగి తెలుసుకోండి. చాలాసార్లు సమస్య నీళ్లే. సంపు ఖాళీ అయితే ట్యాంకర్‌కి డబ్బు కట్టేది ఆయన. ‘ఆ రోజు ట్యాంకర్ అవసరమైతే మేం తెప్పిస్తాం’ అన్న ఒక్క మాటతో పని కావచ్చు.

శుభ్రం చేస్తామని మాటిచ్చాక అందరూ మర్చిపోయేది డాబా మీది తూము. చేతులు కడిగిన నీళ్లతో అన్నం మెతుకులు పోయి అడ్డుపడితే వాన వచ్చిన రోజు నీళ్లు డాబా మీదే నిలుస్తాయి. తూముకు జాలీ పెట్టి, చేతులు కడగడానికి ఓ మూల పెద్ద టబ్ ఉంచండి. విస్తళ్లు, మిగిలిన అన్నం ఒక సంచిలో, ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు ఇంకో సంచిలో వేస్తే మర్నాడు చెత్త ఆటోకి ఇవ్వడం తేలిక. రాత్రంతా గేటు బయట పెడితే కుక్కలు చింపేస్తాయి, మీ పోర్షన్‌లోనే ఉంచండి.

ఫంక్షన్‌కి ముందురోజు డాబా, మెట్లు, గోడలు ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. ‘ఈ పగులు మీవల్లే’ అన్న మాట అడ్వాన్స్ తిరిగిచ్చేటప్పుడు వస్తే అవే మీకు ఆధారం. సాయంత్రం 4కి ఓనర్‌ని పైకి పిలిచి ఒకసారి చూపించండి. సామాను మోసిన రోజే ఆ పని అయిపోతే ఇద్దరికీ మంచిది.