మూత తీయని బ్యాటరీ ఎందుకు ఎండిపోతుంది?

కంప్యూటర్ యూపీఎస్‌లోని 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీకి నీళ్లు పోయక్కర్లేదు. అందులో ఆమ్లం స్వేచ్ఛగా కదలదు. పలకల మధ్య ఉన్న సన్నని గాజునార దాన్ని పీల్చి పట్టుకుంటుంది. ఆ నారను పూర్తిగా తడపకుండా కొద్దిగా ఖాళీ దారులు వదులుతారు. అసలు కిటుకు అదే.

ఛార్జింగ్ చివర్లో ధన పలక దగ్గర నీరు విడిపోయి ఆక్సిజన్ పుడుతుంది. అది ఆ దారుల గుండా రుణ పలకను చేరి, సీసంతోనూ ఆమ్లంతోనూ చర్య జరిపి, మళ్లీ నీరవుతుంది. రుణ పలక ఇలా ఆక్సిజన్‌తో తీరిక లేకుండా ఉండటం వల్ల హైడ్రోజన్ తక్కువగా పుడుతుంది.

తక్కువే గానీ సున్నా కాదు. పుట్టిన హైడ్రోజన్ తిరిగి నీరుగా మారదు. ఒత్తిడి పెరిగినప్పుడు వాల్వు తెరుచుకుని దాన్ని బయటికి వదులుతుంది. ధన పలకలోని సీసపు జాలీ తుప్పు పట్టడానికి కూడా నీరే ఖర్చవుతుంది. పోసే దారి లేదు కనుక పోయింది పోయినట్టే.

నార ఎండేకొద్దీ పలకలతో దాని స్పర్శ తగ్గి, లోపలి నిరోధం పెరుగుతుంది. అప్పుడు మీటరులో 13.6 వోల్టులు బాగానే కనిపిస్తాయి, కరెంటు పోగానే నిమిషాల్లో యూపీఎస్ ఆగిపోతుంది. ఎండిన నారలో ఆక్సిజన్ మరింత సులువుగా పారుతుంది. దాంతో ఛార్జింగ్ కరెంటు, వేడి కూడా పెరుగుతాయి, ఒక్కోసారి డబ్బా ఉబ్బుతుంది.

25 డిగ్రీలపై ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగమవుతుంది. అందుకే యూపీఎస్‌ను గాలి ఆడేచోట పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని వెంటనే తీసేయండి.