ధర వచ్చేలోగా మాయమయ్యే గోడ

షేర్ల సరదా ఉన్న మా డిగ్రీ విద్యార్థి ఒకడు ఫోన్‌లో మార్కెట్ డెప్త్ తెరిచి నా ముందు పెట్టాడు. "సార్, ఈ పెద్ద సెల్ ఆర్డరు చూడండి. ధర దీని దగ్గరికి వచ్చేసరికి ఎటు పోతుందో తెలీదు" అన్నాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు ఆర్డర్ బుక్ అనే యంత్రం లోపలే దొరుకుతుంది.

ఎడమ పక్క కొనేవాళ్లు, కుడి పక్క అమ్మేవాళ్లు, ఒక్కో ధర ఎదురుగా ఎంత సరుకుందో చెప్పే అంకె. ఈ బొమ్మ అందరికీ తెలిసిందే. చాలామంది పట్టించుకోని సంగతి ఏమిటంటే, ఆ అంకెల్లో ఒక్కటీ జరిగిన వ్యాపారం కాదు. అవన్నీ ఇంకా తీరని మాటలు. ఎదుటివాడితో జత కుదిరేలోపు ఎవరైనా తన మాటను వెనక్కి తీసుకోవచ్చు, అదీ దాదాపు పైసా ఖర్చు లేకుండా.

ఈ మాటల్ని వరుసలో పెట్టడానికి యంత్రం రెండు నియమాలు పాటిస్తుంది. మెరుగైన ధర చెప్పినవాడు ముందు. ఒకే ధర చెప్పినవాళ్లలో ముందు వచ్చినవాడు ముందు. రెండో దానికి ఒక తోక ఉంది: పెట్టిన ఆర్డరులో పరిమాణం తగ్గించుకుంటే నీ చోటు నీదే, పెంచుకుంటే మాత్రం వరుస చివరికి పోతావు. న్యాయమైన నియమమే. కొత్తగా అడిగిన సరుకు కొత్తగా వచ్చినవాడితో సమానం కదా. అయితే నాకు తెలిసిన అతి తెలివైన మోసం ఒకటి వేలాడింది ఈ తోక పట్టుకునే.

షికాగో ఎక్స్ఛేంజిలో ఈ-మినీ అనే ఫ్యూచర్ ఉంది, అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ మీద నడిచేది. ధర పావు పాయింటు చొప్పున కదులుతుంది, ఆ పావునే టిక్ అంటారు. లాటు విలువ సూచీకి 50 రెట్ల డాలర్లు. లండన్ పడమటి శివారు హౌన్స్లోలో తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని నవీందర్ సింగ్ సరావ్ అనే ట్రేడరు దీంట్లో వ్యాపారం చేసేవాడు. అతని పద్ధతిని గుండ్రటి అంకెలతో చూద్దాం. ఈ అంకెలు నేను వేసుకున్నవి, పద్ధతి మాత్రం అతనిదే.

కొనేవాళ్ల మేలు ధర 1150.00, అమ్మేవాళ్ల మేలు ధర 1150.25. తెరమీద కనిపించే పది వరుసలూ కలిపితే రెండు పక్కలా ఆరేసి వేల లాట్లు. మనవాడు ముందు 1150.00 దగ్గర వంద లాట్లు అమ్మేశాడు. ఆ వెంటనే 1151.00 నుంచి పైకి నాలుగు వరుసల్లో 600 చొప్పున సెల్ ఆర్డర్లు పెట్టాడు. అమ్మేపక్క ఒక్కసారిగా 8,400 అయింది, కొనేపక్క ఆరువేల దగ్గరే ఉంది. పైనుంచి దాదాపు 14 కోట్ల డాలర్ల సరుకు మీద పడబోతోందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. రెండు పక్కల బరువును లెక్కేసి కదిలే ప్రోగ్రాములు కొనడం తగ్గిస్తాయి, కొన్ని తామే అమ్మేస్తాయి. ధర 1149.00కి జారుతుంది. అక్కడ అతను వంద లాట్లూ తిరిగి కొంటాడు. లాటుకు 50 డాలర్లు, మొత్తం 5,000. ఆ 2,400 లాట్లలో ఒక్కటీ అమ్ముడుపోలేదు.

ఇక్కడ అతనికున్న భయం ఒక్కటే. ఎవరైనా నిజంగా పెద్ద కొనుగోలుతో వచ్చి ఆ సెల్ ఆర్డర్ల గోడను మింగేస్తే కొంప మునిగినట్టే. అందుకు రెండు ఏర్పాట్లు. ఒకటి, ధర ఎటు కదిలినా గోడ మూడు నాలుగు టిక్కుల దూరాన్ని కాపాడుకుంటూ తనంతట తానే జరుగుతుంది. రెండోది నాకు ముచ్చటేసేది. ఒక ప్రోగ్రామరు చేత అతను ఒక సౌకర్యం రాయించుకున్నాడు. అదే ధరలో తన వెనక ఇంకెవరైనా చేరగానే తన ఆర్డరులో ఒక్క లాటు మారుతుంది. ఒక్కటి పెరిగితే చాలు, ఆర్డరు మొత్తం వరుస చివరికి పోతుంది. తిరుమల క్యూలో నిలబడి, వెనక భక్తుడు చేరినప్పుడల్లా బయటికొచ్చి మళ్లీ చివర నిలబడేవాణ్ణి ఊహించుకోండి. వాడికి దర్శనం అక్కర్లేదు, క్యూ పొడవుగా కనిపిస్తే చాలు! వరుసలో ముందు చోటు కోసం మిగతా ట్రేడర్లు మైక్రోసెకన్ల వేటలో కోట్లు ధారపోస్తుంటే, ఇతను వెనకచోటు కోసం ప్రోగ్రాము రాయించుకున్నాడు.

అమెరికా మార్కెట్లు కొన్ని నిమిషాల్లో కుప్పకూలి లేచిన 2010 మే 6న అతని గోడ 17 నుంచి 20 కోట్ల డాలర్ల మధ్య ఉంది. అమ్మేపక్క కనిపించే సరుకులో అది ఐదో వంతు నుంచి 29 శాతం దాకా. దాన్ని రద్దు చేసేలోపు 19,000 సార్లకు పైగా మార్చాడని అభియోగం. షికాగో సమయం మధ్యాహ్నం 1:40కి గోడ తీసేశాడు. ఈ-మినీ అడుగుకు చేరింది 1:45 దాటాక. ఆనాటి పతనానికి అతనొక్కడే కారణమంటే నేను ఒప్పుకోను. అదే రోజు ఒక మ్యూచువల్ ఫండ్ సంస్థ 75,000 లాట్ల అమ్మకాన్ని ఒకే ప్రోగ్రాముకు అప్పజెప్పిందని ప్రభుత్వ నివేదికే చెప్పింది.

మరి తెరమీద దీన్ని పట్టుకోవడమెలా? గోడ ఎంత పెద్దదో కాదు, ధర కదిలినప్పుడు అదేం చేస్తోందో చూడాలి. నిజంగా 1151.00కి అమ్మదలచినవాడు ధర 1149కి పడినా 1151 దగ్గరే ఉంటాడు, తొందరుంటే కిందికి దిగి మేలు ధర దగ్గరికి వస్తాడు. దొంగ గోడ రెండూ చెయ్యదు. మేలు ధర ఒక టిక్ దిగితే తనూ ఒక టిక్ దిగుతుంది, ఎక్కితే తనూ ఎక్కుతుంది.

ఇంకో పరీక్ష జరిగిన వ్యాపారాల పట్టీతో. 1151.00 ఎదురుగా 1,100 ఉన్నది చటుక్కున 500 అయిందనుకోండి. ఆ క్షణంలో ఆ ధరకు వ్యాపారమేమీ జరగకపోతే ఆ 600 లాట్లు అమ్ముడవలేదు, రద్దయ్యాయి. నిజమైన గోడను ధర తాకితే అంకె కొంచెం కొంచెంగా అరుగుతుంది, అంతే సరుకు పట్టీలో అమ్ముడైనట్టు పడుతుంది. కొన్నిసార్లు ఎంత కొన్నా అంకె తరగదు. అక్కడ ఎవరో తన సరుకులో కొంతే బయటపెట్టి, అమ్ముడైనకొద్దీ నింపుతున్నాడన్నమాట. కనిపించే గోడ అబద్ధం, కనిపించనిది నిజం కావడం ఈ యంత్రంలో మామూలే.

అయితే రద్దైన ప్రతి ఆర్డరూ మోసం కాదు. రెండు పక్కలా ధర చెప్పే మార్కెట్ మేకర్లు రోజంతా తమ ఆర్డర్లను జరుపుతూనే ఉంటారు, వాళ్ల దూరం కూడా మారదు. తేడా ఎక్కడంటే, వాళ్ల ఆర్డర్లు మేలు ధరకు దగ్గరగా, రెండు పక్కలా ఇంచుమించు సమానంగా ఉంటాయి. దొంగ గోడ ఒకే పక్క లావుగా ఉండి, ఎదుటి పక్క ఒక చిన్న ఆర్డరు తీరగానే మాయమవుతుంది. ఆ చిన్న ఆర్డరూ గోడా ఒకే మనిషివని మన ఫోన్ చెప్పదు, అక్కడ పేర్లుండవు. ఖాతాల వివరాలు చూడగలిగేది ఎక్స్ఛేంజీ, నియంత్రణ సంస్థా మాత్రమే.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. రద్దు చేసే ఉద్దేశంతోనే ఆర్డరు పెట్టడం నేరమని 2010లో అమెరికా చట్టం స్పష్టంగా రాసింది. ఆ చట్టం కింద 2015లో మైకేల్ కోషియా అనే ట్రేడరు మొదట దోషిగా తేలాడు. అదే ఏడు అరెస్టయిన సరావ్ 2016లో నేరం ఒప్పుకుని, 2020లో ఏడాది గృహనిర్బంధంతో బయటపడ్డాడు. అదే 2020లో జేపీ మోర్గాన్ బ్యాంకు బంగారం, వెండి, ప్రభుత్వ బాండ్ల మార్కెట్లలో ఇలాంటి గోడలకు 92 కోట్ల డాలర్లు కట్టింది.

మా విద్యార్థి ఫోన్‌లో కనిపించేవి ఐదు వరుసలు, అవీ ఉండుండి మారే చిత్రాలు. రెండు చిత్రాల మధ్య గోడ లేచి, కూలి, మళ్లీ లేవొచ్చు. కాబట్టి వాడికి చెప్పిందేమిటంటే, డెప్త్ పక్కనే జరిగిన వ్యాపారాల పరిమాణాన్నీ తెరిచిపెట్టుకుని, అంకె తగ్గిన ప్రతిసారీ రెండూ పోల్చి చూసుకోమని.