బిగించేకొద్దీ కారే జాయింటు

బ్రిటన్‌లో చాలా ఇళ్లలో వంటగది సింకు కింద తలుపు తీస్తే రాగి గొట్టాలు కనబడతాయి. ఎక్కువగా 15 మిల్లీమీటర్లవి. కుళాయికి వెళ్లే గొట్టం మీద ఒక చిన్న వాల్వు, దానికి ఇత్తడి నట్టు. ఆ నట్టు దగ్గర చెమ్మ కనబడగానే చెయ్యి పానా మీదికి పోతుంది. జాయింటు పాడయ్యేది తరచూ ఆ బిగింపుతోనే.

నట్టు విప్పితే లోపల గొట్టానికి తొడిగిన ఒక ఉంగరం ఉంటుంది. ఇత్తడిదో, రాగిదో. దాన్ని ఆలివ్ అంటారు. దాని రెండు అంచులూ ఏటవాలుగా ఉంటాయి, వాల్వు నోరు కూడా లోపలికి ఏటవాలుగానే ఉంటుంది. నట్టు తిరుగుతున్నకొద్దీ ఆలివ్ ఆ నోట్లోకి ఇరుక్కుని, గొట్టాన్ని చుట్టూ నొక్కి పట్టుకుంటుంది. దాంతో నీటికి రెండు దారులూ మూసుకుపోతాయి: ఆలివ్‌కీ వాల్వుకీ మధ్య ఒకటి, ఆలివ్‌కీ గొట్టానికీ మధ్య ఒకటి. నట్టు మరలు ఆలివ్‌ను నెట్టడానికే తప్ప నీళ్లు ఆపడానికి కాదు. మన ఊళ్లలో జీఐ పైపుల మరలకు నార, తెల్ల టేపు చుట్టి అలవాటైనవాళ్లు ఇక్కడా మరలకు టేపు చుడతారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ పట్టు నిలిచేది లోహంలో మిగిలే కాస్త స్ప్రింగు గుణం మీద. ఆలివ్ లోపలికి నొక్కుతుంటే గొట్టం గోడ తిరిగి బయటికి తోస్తుంది. 15 మిల్లీమీటర్ల గొట్టంలో ఆ గోడ మందం సాధారణంగా 0.7 మిల్లీమీటర్లే. హద్దు దాటి బిగిస్తే అది ఎదురు తొయ్యడం మానేసి లోపలికి వంగిపోతుంది, గొట్టానికి నడుములా నొక్కు పడుతుంది. ఆలివ్ కూడా నలిగి ఆకారం చెడుతుంది. ఇక ఎంత తిప్పినా నొక్కుడు పెరగదు, నొక్కు మాత్రం లోతవుతుంది. వేడినీటి గొట్టమైతే మరీ ఇబ్బంది. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రాగి సాగి ముడుచుకుంటుంది, వదులైన పట్టులోంచి నీరు జారుతుంది.

మరి ఎంత బిగించాలి? గొట్టం కొన గరుకు లేకుండా చేసి, లోపలి ఆనిక తగిలేదాకా దూర్చి, నట్టును ముందు చేత్తో బిగించాలి. ఆపైన పానాతో 15 మిల్లీమీటర్లకు సుమారు ఒక చుట్టు. కచ్చితమైన లెక్క తయారీదారు కాగితంలో ఉంటుంది. రెండో పానాతో వాల్వును కదలకుండా పట్టుకోవడం మరవకూడదు, లేకపోతే గొట్టమే మెలి తిరుగుతుంది.

నీళ్లు వదిలాక చెమ్మ కనిపిస్తే నట్టును ఎనిమిదో వంతు చుట్టు తిప్పి చూడొచ్చు. అప్పటికీ ఆగకపోతే నీళ్లు కట్టేసి విప్పి చూడటమే మేలు. ఆలివ్ కింద గొట్టం చుట్టూ సన్నని గీత మాత్రమే ఉంటే బిగింపు మితిమీరలేదు, గొట్టం మీద పొడవునా గీరు ఉందేమో చూడాలి. వేలికి తగిలేంత నడుము పడి ఉంటే మాత్రం అతిగా బిగించినట్టే. అదే చోట కొత్త ఆలివ్ తొడిగినా దానికి ఆనడానికి గుండ్రని గోడ దొరకదు. నొక్కుకు వెనకాల గొట్టం కోసేసి, మంచి భాగం మీద కొత్త ఆలివ్ వెయ్యాలి. గొట్టం పొడవు చాలకపోతే అతుకు ముక్క కూడా కావాలి.