పెళ్లి ఖర్చు రూపాయల్లో ఎంత, గ్రాముల్లో ఎంత?

అమ్మాయి డిగ్రీలో చేరింది. ఇంకో ఐదేళ్లకు పెళ్లి చేయాలనుకుంటున్నారు. "డబ్బు బ్యాంకులో వేద్దాం" అని ఆయన. "బంగారం కొనిపెడదాం, రేపు అందుతుందా?" అని ఆవిడ. ఈ వాదన ఎంతకీ తెగదు, ఎందుకంటే ఇద్దరూ మాట్లాడేది వేర్వేరు ఖర్చుల గురించి.

ఫంక్షన్ హాలు, భోజనాలు, బట్టలు, ఇవన్నీ రూపాయల్లో చెల్లించేవి. పిల్లకు పెట్టే నగ మాత్రం గ్రాముల్లో ఉంటుంది. అయిదు తులాలు పెట్టాలనుకుంటే, షాపు లెక్కలో 50 గ్రాములు. ఇప్పుడే కొనేస్తే ధర ఎటు పోయినా ఆ 50 గ్రాములు అలాగే ఉంటాయి. కాబట్టి ఆ మేరకు ఆవిడ మాటే సరైంది.

భోజనాల డబ్బును కూడా బంగారంలో పెడితే మాత్రం అది పందెమే. 2012లో పది గ్రాముల మేలిమి బంగారం 31 వేల దరిదాపుల్లో ఉండేది. 2015లో 26 వేలకు జారింది. 2017లో కూడా 30 వేలు దాటడానికి తంటాలు పడింది. ఆ అయిదేళ్లలో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినవాళ్లకు వడ్డీ దక్కింది, బంగారం అమ్మి హాలు కట్టాల్సినవాళ్లకు అసలే తగ్గింది. 2019, 2024 మధ్య అదే బంగారం రెట్టింపు దాటింది. మనకు ఏ అయిదేళ్లు వస్తాయో ఎవరూ చెప్పలేరు. డిపాజిట్ అలా కాదు. లక్ష రూపాయలు 6.5 శాతానికి, మూడు నెలలకోసారి వడ్డీ కలిసేలా వేస్తే, అయిదేళ్లకు దాదాపు లక్షా 38 వేలు. వడ్డీ మీద పన్ను మాత్రం మన శ్లాబును బట్టి పోతుంది.

ఇక బంగారమంటే నగ అనుకోవడమే మనవాళ్ల అసలు పొరపాటు. లక్ష విలువైన బంగారంతో నగ చేయిస్తే తరుగు, మజూరీ కలిపి 15 శాతం అనుకోండి, పైన 3 శాతం జీఎస్టీ. చేతి నుంచి పోయేది 1,18,450. అమ్మితే వచ్చేది బంగారం విలువే. అంటే ధర 18 శాతం పెరిగితేగానీ అసలు చేతికి రాదు. పైగా అయిదేళ్లకు ఆ డిజైను అమ్మాయికి నచ్చదు, మార్పిస్తే మజూరీ మళ్లీ కట్టాలి.

అందుకే ఇప్పుడు హాల్‌మార్క్ నాణేలో, బిస్కెట్లో కొని, పెళ్లి ముందు నగ చేయించాలి. బ్యాంకులు నాణేలు అమ్ముతాయిగానీ తిరిగి కొనవు. నగ చేయించబోయే షాపులోనే, మార్పిడికి ఎంత కోస్తారో అడిగి తీసుకోండి.

డిపాజిట్‌కూ ఒక జాగ్రత్త ఉంది. పన్ను మినహాయింపు వస్తుందని అయిదేళ్ల టాక్స్ సేవర్ వేయకండి. దాన్ని మధ్యలో తీయలేరు, దానిమీద అప్పూ పుట్టదు. సంబంధం రెండేళ్లకే కుదిరితే డబ్బు అందులోనే ఇరుక్కుంటుంది. మామూలు డిపాజిట్‌నే నాలుగైదు ముక్కలుగా వేసుకోండి. తొందరపడాల్సి వస్తే కాస్త వడ్డీ కోతతో కావాల్సిన ముక్కనే విడగొట్టుకోవచ్చు.