వంపు తిరిగాకే పరిమితి తెలిసేది

1920లో అమెరికా శాస్త్రజ్ఞులు రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ తమ దేశ జనాభా 19 కోట్ల 73 లక్షల దగ్గర ఆగిపోతుందని లెక్కగట్టారు. అందుకు వాళ్లు వాడినవి 1790 నుంచి 1910 దాకా వచ్చిన జనగణన అంకెలు. 1970 జనగణనలో ఆ దేశ జనాభా 20 కోట్ల 32 లక్షలని తేలింది.

వాళ్లు వాడింది లాజిస్టిక్ రేఖ. జనాభా మొదట వేగంగా పెరుగుతుంది, తిండీ చోటూ కరువయ్యేకొద్దీ నెమ్మదించి ఒక గీత దగ్గర ఆగుతుంది. ఆ గీతే పరిసరం మోయగల పరిమితి, K. పెరుగుదల వేగం r, పరిమితిలో సగానికి చేరే సమయం m. పట్టుకోవాల్సినవి ఈ మూడే.

టోర్ కార్ల్‌సన్ 1913లో ప్రచురించిన ఈస్టు లెక్కలతో దీన్ని చూడొచ్చు. గంటకోసారి కొలిస్తే ఈస్టు మొదట 9.6 ఉంది, 18వ గంటకు 661.8 అయింది. K సమీకరణంలో హారం లోపలి అంకెలతో ముడిపడి ఉంటుంది కనుక సరళరేఖకు చేసినట్టు ఒక్క సూత్రంతో తేల్చలేం. ముందు ఓ అంచనా వేసుకోవాలి: K అయితే కనబడిన గరిష్ఠం కన్నా కాస్త ఎక్కువ, m అయితే అందులో సగానికి చేరిన గంట. ఆ రేఖకూ కొలిచిన అంకెలకూ ఉన్న తేడాలను వర్గం చేసి కూడాలి. ఆ మొత్తం ఇక తగ్గదనేదాకా మూడు విలువలనూ కొద్దికొద్దిగా జరుపుతూ పోవాలి. ఈ చాకిరీ R చేసిపెడుతుంది:

```
nls(N ~ K/(1+exp(-r*(t-m))),
    start=list(K=670, r=0.5, m=8))
```

K సుమారు 663, r 0.55, m 7.8 గంటలు వస్తాయి. మొదటి అంచనా మరీ అడ్డదిడ్డంగా ఉంటే మాత్రం ప్రోగ్రాం దారి తప్పి మొరాయిస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. రేఖను సమాన దూరంలోని మూడు బిందువుల గుండా పోనిచ్చి K రాబట్టే పాత పద్ధతి ఒకటుంది. పెర్ల్, రీడ్‌లు కూడా అదే వాడారు. ఈస్టు మీద ప్రయోగిస్తే 0, 3, 6 గంటల అంకెలతో K 457 వస్తుంది. 0, 4, 8 గంటలతో 795కి ఎగబాకుతుంది. 0, 9, 18 గంటలతో 664 దగ్గర కుదురుకుంటుంది. మొదటి గంటల్లో రేఖ ఇంకా పైకే ఎక్కుతోంది. పెద్ద K, చిన్న r పెట్టినా, చిన్న K, పెద్ద r పెట్టినా ఆ అంకెలకు దాదాపు ఒకేలా సరిపోతాయి.

పెర్ల్, రీడ్‌లకు ఎదురైంది ఇదే. 1910లో అమెరికా జనాభా 9 కోట్ల 20 లక్షలు, అంటే వాళ్ల పరిమితిలో సగం కూడా లేదు. పైగా వలసలు, వైద్యం, సాగు మారుతుంటే K స్థిరంగా ఉండదు. సీసాలోని ఈస్టుకు ఆ బెడద లేదు.

అందుకే ఎవరైనా K చెబితే, చివరి రెండు మూడు కొలతలు తీసేసి మళ్లీ లెక్క వేయించండి. అంకె ఎగిరి ఎక్కడో పడితే ఆ K ని నమ్మకండి.